సొంత ఫ్యాక్టరీ సరుకుకు బజారు ధర ఎందుకు? తయారీ ఖాతా వెనుక కథ

ఫ్యాక్టరీలో సరుకు తయారీకి ఎంత ఖర్చయిందో తేల్చే తయారీ ఖాతాలో విద్యార్థులు ఎక్కువగా తడబడేది చివరి అంకెల దగ్గరే. ఫ్యాక్టరీ నుంచి గోదాముకు వెళ్లిన సరుకును అయిన ఖర్చుకు కాకుండా బజారు ధరకు రాయమంటారు. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకరే అయినప్పుడు లాభం ఎక్కడిది? ఈ సందేహం న్యాయమైనదే. దానికి జవాబు పాత వర్తకుల పుస్తకాల్లో ఉంది.

ఫ్యాక్టరీలు రాకముందు వర్తకుడు చేతివృత్తులవాళ్ల దగ్గర సరుకు కొని అమ్మేవాడు. కొన్న ధర, అమ్మిన ధర తెలిస్తే లెక్క తేలిపోయేది కాబట్టి వర్తకపు ఖాతా ఒక్కటే సరిపోయేది. అతనే షెడ్డు వేసి, కూలీలను పెట్టి తయారుచేయడం మొదలుపెట్టాక ‘కొన్న ధర’ అనేదే లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లో పింగాణీ సామాను చేసే జోసియా వెడ్జ్‌వుడ్‌కు 1772 మాంద్యంలో ఈ చిక్కే ఎదురైంది. గిరాకీ పడిపోతే ధర ఎంతవరకు తగ్గించవచ్చో తెలియక ఖర్చులన్నీ తవ్వి చూశాడు. ఎన్ని పాత్రలు చేసినా అద్దె, అచ్చుల ఖర్చు లాంటివి ఆగవని అప్పుడు గ్రహించాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్ అంటున్నది వీటినే. ఆ తవ్వకంలోనే గుమాస్తా చేతివాటం కూడా బయటపడింది.

ఈ ఖర్చుల లెక్కను జంటపద్దు పుస్తకాలతో కలిపి రాసే పద్ధతిని 1887లో గార్క్, ఫెల్స్ అనే ఇద్దరు లండన్‌లో అచ్చువేసిన పుస్తకం వివరంగా చూపింది.

ఒక బీరువాల తయారీ యూనిట్‌ను ఊహించుకుందాం. ఏడాదిలో వాడిన రేకు, రంగు, తాళాలు 4,80,000 రూపాయలు. నేరుగా పనిచేసినవారి కూలి 1,60,000. రెండూ కలిపితే ప్రధాన వ్యయం 6,40,000. షెడ్డు అద్దె, కరెంటు, యంత్రాల తరుగుదల, సూపర్‌వైజర్ జీతం 1,40,000. మొత్తం 7,80,000.

అయితే ఏడాది మొదట్లో సగంలో ఉన్న బీరువాల విలువ 40,000, చివర్లో 60,000. మొదటిది కలిపి, రెండోది తీసేస్తే పూర్తయిన 100 బీరువాల ఖర్చు 7,60,000, అంటే ఒక్కోటి 7,600. సగంలో ఉన్న పని విలువలో ఓవర్‌హెడ్స్ ఉన్నాయా లేదా అన్నది ఇక్కడ తప్పక చూసుకోవాలి. ప్రధాన వ్యయం మీదే విలువ కట్టి ఉంటే ఆ సవరణ ఓవర్‌హెడ్స్ కలపకముందే చేయాలి.

ఇదే బీరువాను బయట టోకున 9,500కు కొనవచ్చనుకోండి. ఆ ధరకు 100 బీరువాలను వర్తకపు ఖాతాకు 9,50,000గా బదిలీ చేస్తే తయారీ లాభం 1,90,000 తేలుతుంది. వాటిలో 80 బీరువాలు 11,000 చొప్పున అమ్ముడైతే వర్తకపు లాభం 1,20,000. బయట కొనాలా, తానే చేసుకోవాలా అన్న వర్తకుడి ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది: కొని అమ్మినా 1,20,000 వచ్చేది, తానే చేసుకున్నందుకు బీరువాకు 1,900 చొప్పున అదనంగా మిగిలింది. ఖర్చు ధరకే బదిలీ చేస్తే ఈ రెండూ కలిసిపోయి ఫ్యాక్టరీ నడపడం లాభమో కాదో కనబడదు.

చిక్కు మిగిలిన 20 బీరువాలతో వస్తుంది. వాటి విలువ 1,90,000గా నమోదైంది, అందులో 38,000 ఇంకా చేతికి రాని లాభం. దాన్ని లాభనష్టాల ఖాతాలో ఏర్పాటుగా తీసేసి, ఆస్తి అప్పుల పట్టీలో సరుకును 1,52,000కే చూపాలి. సరిచూడటం సులువు: 80 బీరువాలను 7,600 చొప్పున లెక్కవేస్తే అసలు లాభం 2,72,000. తయారీ లాభం 1,90,000లో 38,000 తీసేస్తే మిగిలే 1,52,000ను వర్తకపు లాభం 1,20,000కు కలిపినా అదే. ఈ రెండూ సరిపోకపోతే ఏర్పాటులో తప్పు దొర్లినట్టే. వచ్చే ఏడాది చివర అదే ధరలకు 15 బీరువాలు మిగిలితే కావలసిన ఏర్పాటు 28,500. అప్పుడు తగ్గిన 9,500ను లాభానికి కలపాలి. చాలామంది మొత్తం 28,500ను మళ్లీ ఖర్చు రాసేస్తారు, లాభం అన్యాయంగా తగ్గిపోతుంది.

కంపెనీలు ప్రకటించే లెక్కల్లో ఇప్పుడు తయారీ ఖాతా కనిపించదు. సరుకు విలువ ఖర్చు, అమ్మితే నికరంగా వచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే. కానీ బజారు ధర ప్రశ్న పన్ను చట్టంలో బతికే ఉంది. పన్ను రాయితీ ఉన్న యూనిట్ తన సరుకును అదే యజమాని మరో యూనిట్‌కు ఇస్తే లాభాన్ని మార్కెట్ విలువతో కట్టాలని 1961 ఆదాయపన్ను చట్టంలోని 80-ఐఏ సెక్షన్ చెప్పింది. జిందాల్ స్టీల్ తన విద్యుత్ కేంద్రంలో చేసిన కరెంటును సొంత ఉక్కు యూనిట్లకు యూనిట్ 3.72 రూపాయలుగా లెక్కగట్టింది. విద్యుత్ బోర్డు మిగులు కరెంటు కొన్న 2.32 ధరే సరైనదని పన్ను శాఖ వాదించింది. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు 3.72నే ఒప్పుకుంది: సొంత కరెంటు లేకపోతే ఆ ఉక్కు యూనిట్లు బోర్డు దగ్గర కొనాల్సింది ఆ ధరకే.