పి-వాల్యూ 0.05 దాటితే తేడా లేనట్టేనా?

స్టూడెంట్ల ప్రాజెక్టు రిపోర్టులు చూసే పని నాది. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు రాసే వాక్యం ఇది: "పి-వాల్యూ 0.05 కంటే ఎక్కువ వచ్చింది కాబట్టి రెండింటి మధ్య తేడా లేదు." మొన్న ఒకమ్మాయి ఇదే రాసి, ప్రాజెక్టు ఫెయిలైపోయిందేమోనని టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చింది. లెక్కంతా సరిగ్గానే చేసింది, ఆఖరి వాక్యం దగ్గరే పొరబడింది.

అపోహ: 0.05 దాటితే తేడా లేదని తేలినట్టే

ఆ అమ్మాయి డేటానే తీసుకుందాం. వెబ్ పేజీని మారిస్తే కొనేవాళ్లు పెరుగుతారా అన్నది ఆమె ప్రశ్న. పాత పేజీ చూసిన 4000 మందిలో 400 మంది కొన్నారు, కొత్త పేజీ చూసిన మరో 4000 మందిలో 448 మంది కొన్నారు. అంటే 10 శాతం, 11.2 శాతం.

```python
from statsmodels.stats.proportion import proportions_ztest
proportions_ztest([448, 400], [4000, 4000])
```

పి-వాల్యూ 0.081 వస్తుంది. రెండు పేజీలకూ అసలు తేడాయే లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్దది గానీ ఏ వైపుకైనా ఊరికే కనిపించడానికి 8 శాతం అవకాశం ఉందని దీని అర్థం, అంతే. తేడా లేదని ఇది ఎక్కడా చెప్పడం లేదు, ఎందుకంటే తేడా లేదన్నది మనం లెక్క మొదలుపెట్టడానికి అనుకున్న మాట, లెక్కలోంచి తేలిన మాట కాదు.

ఇప్పుడు తేడాకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చూడండి: సుమారు -0.15 నుంచి 2.55 శాతం పాయింట్ల వరకు. కొత్త పేజీ వల్ల కాస్త నష్టం ఉన్నా ఈ డేటా రావచ్చు, రెండున్నర పాయింట్ల లాభం ఉన్నా రావచ్చు. పదికి రెండున్నర కలవడమంటే అమ్మకాల్లో నాలుగో వంతు పెరుగుదల! అది ఇంటర్వెల్ లోపల ఉండగా "తేడా లేదు" అని ఎలా రాస్తాం?

దీని పక్కన ఇంకో టెస్టు పెట్టుకోండి. ఒక్కో పేజీకి 4 లక్షల మంది, ఫలితాలు 10 శాతం, 10.05 శాతం. పి-వాల్యూ 0.46 దగ్గర వస్తుంది, ఇంటర్వెల్ -0.08 నుంచి 0.18. ఇక్కడ మాత్రం "తేడా ఉన్నా పట్టించుకునేంత లేదు" అని ధైర్యంగా రాయొచ్చు. రెండు టెస్టుల్లోనూ పి-వాల్యూ 0.05 దాటింది, అంటే రెండూ నాన్-సిగ్నిఫికెంటే, కానీ ఒకటి "ఇంకా తెలియదు" అంటోంది, రెండోది "పెద్ద తేడా లేదు" అంటోంది. పి-వాల్యూ ఒక్కటే చూస్తే ఈ రెండూ కలిసిపోతాయి.

అసలు కారణం శాంపిల్ సైజు. నిజంగానే 1.2 పాయింట్ల తేడా ఉందనుకున్నా, ఒక్కో వైపు 4000 మందితో దాన్ని పట్టుకునే పవర్ 41 శాతం దగ్గరే ఉంటుంది, అంటే పది టెస్టులు చేస్తే ఆరింటిలో తప్పిపోతుంది. 80 శాతం పవర్ కావాలంటే ఒక్కో వైపు సుమారు 10,300 మంది కావాలి. ఈ లెక్క టెస్టు మొదలుపెట్టే ముందే వేసుకోవాలి. "అయితే 0.05 లోపలికి వచ్చేదాకా రోజూ డేటా కలుపుతూ చూస్తాను" అంటారు కొందరు, దయచేసి ఆ పని చెయ్యకండి. అలా చూసినకొద్దీ లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 5 శాతం దాటి పెరుగుతూ పోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే చిన్న శాంపిల్‌తో ఒక మార్పుని టెస్టు చేసి, "ప్రభావం లేదు" అని రిపోర్టు ఇచ్చాను. టీమ్ దాన్ని పక్కన పెట్టేసింది. ఏడాది తర్వాత వేరేవాళ్లు అదే మార్పుని పెద్ద శాంపిల్‌తో టెస్టు చేస్తే స్పష్టంగా లాభం కనిపించింది. ఆ రిపోర్టులో ఇంటర్వెల్ ఒక్క లైను రాసి ఉంటే ఏడాది పోయేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా

"పి-వాల్యూ 0.03 అంటే మన ఊహ నిజమయ్యే అవకాశం 97 శాతం." కాదు. ఆ అవకాశం చెప్పాలంటే ఇలాంటి ఊహలు మామూలుగా ఎంత తరచుగా నిజమవుతాయో కూడా తెలియాలి, పి-వాల్యూలో ఆ సమాచారం లేదు.

"95 శాతం అంటే నిజమైన విలువ ఈ ఇంటర్వెల్‌లో ఉండే అవకాశం." ఆ 95 శాతం పద్ధతిది, మీ చేతిలో ఉన్న ఒక్క ఇంటర్వెల్‌ది కాదు. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ఇంటర్వెల్ వేస్తూ పోతే, వందలో 95 నిజమైన విలువని పట్టుకుంటాయి.

"రెండు ఇంటర్వెల్స్ ఒకదాని మీద ఒకటి పడితే తేడా లేదు." ఇదీ తప్పే. పై టెస్టులో 448 బదులు 456 మంది కొని ఉంటే పేజీల విడి ఇంటర్వెల్స్ కలుస్తూనే ఉంటాయి, పి-వాల్యూ మాత్రం 0.043 వస్తుంది. చూడాల్సింది తేడాకి వేసిన ఇంటర్వెల్.

ఆ అమ్మాయి చివరికి ఇలా రాసింది: "1.2 పాయింట్ల పెరుగుదల కనిపించింది, 95 శాతం ఇంటర్వెల్ -0.15 నుంచి 2.55. ఈ శాంపిల్‌తో నిర్ణయించలేం, ఒక్కో పేజీకి సుమారు 10,300 మందితో మళ్లీ టెస్టు చెయ్యాలి." రిపోర్టులో నేను దిద్దాల్సింది ఇంకేమీ మిగల్లేదు.